95 శాతం సమర్థత అన్నప్పుడు ఆ లెక్కను మీరే విప్పి చూడటం ఎలా

కోవిడ్ టీకాల గురించి రెండు మాటలు ఇప్పటికీ ఫోన్ల మీద తిరుగుతున్నాయి. ఫైజర్ టీకా 95 శాతం పనిచేస్తుందన్నది మొదటిది. ఆ 95 అబద్ధమని, అసలు మేలు 0.84 శాతమేనని చెప్పేది రెండోది. విజయవాడలో ఏ అపార్ట్‌మెంట్ వాట్సాప్ బృందంలో చూసినా ఈ రెండింటి మీద వాదన కనిపిస్తుంది. ఒకటి నిజమైతే రెండోది అబద్ధమై ఉండాలని చాలామంది అనుకుంటారు. నిజానికి రెండూ ఒకే పరీక్ష నుంచి, ఒకే నాలుగు సంఖ్యల నుంచి వచ్చాయి. ఆ నాలుగూ చేతికి దొరికితే ఏడో తరగతి లెక్కలతో రెండింటినీ మీరే రాబట్టవచ్చు. ఏ సంఖ్య ఏ ప్రశ్నకు జవాబో కూడా తేల్చుకోవచ్చు. ఒక తెల్ల కాగితం, ఫోనులోని కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

మొదట నాలుగు సంఖ్యలు వెతకండి

శాతాన్ని చూడగానే దాన్ని పక్కన పెట్టండి. ముందు కావలసినవి మనుషుల లెక్కలు: టీకా వేసుకున్నవారు ఎందరు, వారిలో జబ్బు పడినవారు ఎందరు, ఉత్తుత్తి సూది వేసుకున్నవారు ఎందరు, వారిలో జబ్బు పడినవారు ఎందరు. ఉత్తుత్తి సూది అంటే ప్లాసిబో. ఫైజర్ పరీక్షలో అది మామూలు సెలైన్ నీరు. ఎవరికి ఏది పడిందో సూది వేయించుకున్నవారికి తెలియకుండా ఉంచారు.

ఫైజర్, బయోఎన్‌టెక్ సంస్థల పెద్ద పరీక్ష ఫలితాలు 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. అంతకుముందు కోవిడ్ సోకినట్టు ఆధారం లేనివారిని మాత్రమే తీసుకుంటే, టీకా వైపు 18,198 మందిలో 8 మంది జబ్బు పడ్డారు. ప్లాసిబో వైపు 18,325 మందిలో 162 మంది జబ్బు పడ్డారు. ఈ లెక్క రెండో డోసు వేసిన ఏడు రోజుల తర్వాతి నుంచి మొదలవుతుంది.

జబ్బు పడినవారి సంఖ్యలు వ్యాసం ముందు పేజీలోని సారాంశంలోనే ఉంటాయి, ఎంతమందిలో అన్నది లోపలి పట్టికలో దొరుకుతుంది. పరీక్ష వివరాలు ఇవ్వకుండా శాతం ఒక్కటే పట్టుకుని మాట్లాడే సందేశం ఏ పక్షానిదైనా సరే, దాని మీద ఇంకేమీ లెక్క కట్టలేమని గుర్తుపెట్టుకోండి.

పదివేలకు ఎంతమందో చేయండి

రెండు వైపులా మనుషుల సంఖ్య కొంచెం తేడాగా ఉంది కాబట్టి రెండింటినీ ఒకే కొలతకు తేవాలి. నేను పదివేలకు లెక్క కడతాను. వందకు కడితే చిన్న దశాంశాలు వచ్చి తికమక పెడతాయి. పదివేలమంది అంటే మనకు ఊహకు అందే జనం, నగరంలో ఒక పేట.

జబ్బు పడినవారిని మొత్తం మందితో భాగించి పదివేలతో గుణించండి. టీకా వైపు 8 ని 18,198తో భాగిస్తే పదివేలకు 4.4 వస్తుంది. ప్లాసిబో వైపు 162 ని 18,325తో భాగిస్తే పదివేలకు 88.4 వస్తుంది. ఇక మీ కాగితం మీద రెండే సంఖ్యలు మిగిలాయి: 88.4, 4.4.

ఇక్కడే చాలామంది పొరబడే చోటు ఒకటుంది. 95 శాతం అనగానే, టీకా వేసుకున్న వందమందిలో 95 మందికి రాదు, ఐదుగురికి వస్తుంది అనుకుంటారు. మీ కాగితం చూడండి. వందకు ఐదు అంటే పదివేలకు 500. పరీక్షలో జబ్బు పడింది పదివేలకు నలుగురో ఐదుగురో మాత్రమే. ఆ మాటకొస్తే టీకా లేనివారిలోనూ పదివేలకు 9,900 మందికి పైగా ఆ గడువులో జబ్బు పడలేదు. కాబట్టి 95 అనేది ఎంతమందికి రాదు అన్న ప్రశ్నకు జవాబు కానే కాదు.

ఒకసారి భాగించండి, ఒకసారి తీసివేయండి

రెండు సంఖ్యలను రెండు రకాలుగా పోల్చవచ్చు. మొదటిది భాగహారం. 4.4 ని 88.4తో భాగిస్తే 0.05 వస్తుంది. అంటే టీకా లేనివారికి ఉన్న ముప్పులో టీకా వేసుకున్నవారికి మిగిలింది ఇరవయ్యో వంతు. మిగతా 95 శాతం పోయింది. దీన్నే సాపేక్ష తగ్గుదల అంటారు. ఆంగ్ల వ్యాసాల్లో రిలేటివ్ రిస్క్ రిడక్షన్ అని కనిపిస్తుంది. టీకా సమర్థత అని పత్రికల్లో రాసేది దీన్నే.

రెండోది తీసివేత. 88.4 నుంచి 4.4 తీసేస్తే 84. పదివేలమందికి టీకా వేస్తే ఆ పరీక్ష గడువులో 84 మంది జబ్బు పడకుండా తప్పించుకున్నారు. పదివేలకు 84 అంటే వందకు 0.84. ఫోన్ల మీద తిరిగే రెండో సంఖ్య ఇదే. దీని పేరు నిరపేక్ష తగ్గుదల, ఆంగ్లంలో అబ్సల్యూట్ రిస్క్ రిడక్షన్.

```
సాపేక్ష తగ్గుదల  = 1 − (4.4 ÷ 88.4) = 0.95
నిరపేక్ష తగ్గుదల = 88.4 − 4.4 = 84 (పదివేలకు)
```

పదివేలను 84తో భాగిస్తే 119 వస్తుంది. ఆ గడువులో ఒక్కరు జబ్బు పడకుండా ఆపడానికి టీకా వేయవలసిన మంది 119 అని దీని అర్థం. ఈ సంఖ్యను పట్టుకుని మిగతా 118 మందికి టీకా వృథా అయిందని వాదించేవారు ఉన్నారు. వినడానికి బలంగా ఉన్నా, ఆ వాదనలో ఒక ముఖ్యమైన మాట జారిపోయింది. "ఆ గడువులో" అన్నది.

గడువు ఎంతో తప్పకుండా అడగండి

ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

సత్యనారాయణపురంలో మాకు తెలిసిన లెక్కల మాస్టారు ఒకరున్నారు, ఉద్యోగ విరమణ చేసి చాలా కాలమైంది. ఆయన ఈ 0.84 ని చూసి కలత చెందారు. "అమ్మాయీ, నాలుగు సంఖ్యలూ నేనే సరిచూశాను, తీసివేత సరిగ్గానే ఉంది. మరి ఇంత చిన్న మేలు కోసమా మనం అంత హడావుడి పడింది?" అని అడిగారు. "మాస్టారూ, ఆ 162 మంది ఎన్నాళ్లలో జబ్బు పడ్డారో చూశారా?" అన్నాను. ఆయన చూడలేదు. ఇద్దరం కలిసి కాగితం మీద వేశాం.

మొదటి ఫలితాలు వచ్చేనాటికి ఒక్కొక్కరిని సగటున గమనించింది, ఆ ఏడో రోజు నుంచి లెక్కిస్తే, నెలన్నర మాత్రమే. నెలన్నరలో పదివేలకు 88 మంది జబ్బు పడితే, ఇంకొన్ని నెలలు గమనిస్తే ఎక్కువమంది పడతారు. ఇది ఊహ కాదు, అదే పరీక్షను కొనసాగించి చూశారు. సుమారు ఆరు నెలల గమనింపు ఫలితాలు 2021లో అదే పత్రికలో వచ్చాయి. ఈసారి పన్నెండు నుంచి పదిహేనేళ్ల పిల్లలను కూడా కలిపారు. టీకా వైపు 20,998 మందిలో 77 మంది, ప్లాసిబో వైపు 21,096 మందిలో 850 మంది జబ్బు పడ్డారు.

పైన చేసినట్టే చేయండి. టీకా వైపు పదివేలకు 36.7, ప్లాసిబో వైపు 402.9. భాగిస్తే సాపేక్ష తగ్గుదల 91 శాతం. తీసివేస్తే నిరపేక్ష తగ్గుదల పదివేలకు 366, అంటే వందకు 3.66. ఒక్కరిని కాపాడటానికి టీకా వేయవలసిన మంది 27.

మాస్టారు రెండు వరుసలనూ పక్కపక్కన రాయించారు. టీకా అదే, పరీక్ష అదే. సాపేక్ష తగ్గుదల 95 నుంచి 91కి కొద్దిగా దిగింది. నిరపేక్ష తగ్గుదల మాత్రం 0.84 నుంచి 3.66కి, నాలుగు రెట్లకు పైగా పెరిగింది. టీకా బలం కొంత తగ్గుతున్నా దాని వల్ల కలిగిన మేలు పెరుగుతూ పోయింది, ఎందుకంటే చుట్టూ జబ్బు తిరుగుతూనే ఉంది. "అయితే 0.84 టీకా గుణం కాదన్నమాట, ఆ నెలన్నర గుణం" అన్నారాయన. నేను ఇంతకన్నా బాగా చెప్పలేను.

వ్యాసంలోని సంఖ్యకూ మీరు కట్టిన సంఖ్యకూ చిన్న తేడా వస్తే కంగారు పడకండి. ఆరు నెలల ఫలితాన్ని పరిశోధకులు 91.3 అని రాశారు, మనకు 90.9 వస్తుంది. వారు తలల లెక్కతో కాకుండా, ఒక్కొక్కరిని ఎన్ని రోజులు గమనించారో ఆ కాలాన్ని కలిపి దానితో భాగిస్తారు. కొందరు మధ్యలో వెళ్లిపోతారు, కొందరు ఆలస్యంగా చేరతారు కాబట్టి అది సరైన పద్ధతి. ఇంటి దగ్గర అవగాహన కోసం మన లెక్క చాలు. తేడా ఒకటి రెండు శాతం దాటితే మాత్రం ఎక్కడో తప్పు సంఖ్య తీసుకున్నారని అర్థం.

మీ ఊరి ముప్పును లెక్కలోకి తెండి

గడువు ఎంత ముఖ్యమో స్థలమూ అంతే ముఖ్యం. ఫైజర్ పరీక్ష ఎక్కువగా అమెరికాలో, కొంత అర్జెంటీనా, బ్రెజిల్, దక్షిణాఫ్రికా, జర్మనీ, తుర్కియేలలో జరిగింది. అక్కడ 2020 శరత్కాలంలో ప్లాసిబో వైపు పదివేలకు 88 మంది జబ్బు పడ్డారంటే గుంటూరులో, వేరే కాలంలో అంతే పడతారని కాదు.

కృష్ణలంక దగ్గర కట్టిన రిటైనింగ్ వాల్‌ను తలచుకోండి. నదికి వరద రాని ఏడాది ఆ గోడ కాపాడిన ఇళ్లు సున్నా. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు పోయినప్పుడు దాని వెనక ఎన్ని ఇళ్లు నిలిచాయో ఊరంతా చూసింది. గోడ ఎత్తు రెండు ఏళ్లలోనూ ఒకటే. సాపేక్ష తగ్గుదల గోడ ఎత్తు లాంటిది, నిరపేక్ష తగ్గుదల ఆ ఏడాది నిలిచిన ఇళ్ల లెక్క లాంటిది.

దీన్ని సంఖ్యల్లో చేయడానికి, టీకా లేకపోతే మీ ప్రాంతంలో, మీరు ఎంచుకున్న గడువులో, పదివేలకు ఎంతమంది జబ్బు పడవచ్చో ఒక అంచనా రాయండి. దాన్ని 0.95తో గుణిస్తే తప్పించుకునేవారి సంఖ్య వస్తుంది. ఉదాహరణకు గుంటూరులో పదివేలమంది ఉండే ఒక పేటను ఊహించుకుందాం. ఇవి కేవలం అభ్యాసం కోసం నేను పెట్టుకున్న సంఖ్యలు. జబ్బు దాదాపు లేని రెండు నెలల్లో టీకా లేకుంటే పదిమంది పడతారనుకోండి. టీకాతో తొమ్మిది లేదా పదిమంది తప్పించుకుంటారు, ఒక్కరిని కాపాడటానికి వేయికి పైగా డోసుల జతలు కావాలి. ఉధృతంగా ఉన్న రెండు నెలల్లో అదే పేటలో 500 మంది పడతారనుకోండి. 475 మంది తప్పించుకుంటారు, ఒక్కరికి 21 జతలు చాలు. విజయవాడ నగర జనాభా 2011 లెక్కల్లోనే పది లక్షలు దాటింది. ఈ రెండో పరిస్థితి అంత జనానికి విస్తరిస్తే తప్పిన కేసులు 47 వేలు దాటతాయి. ఆసుపత్రి పడకల గురించి ఆలోచించేవారికి కావలసింది ఈ సంఖ్య. నిరపేక్ష తగ్గుదలకు అసలైన ఉపయోగం ఇక్కడే ఉంది కాబట్టి దాన్ని తీసిపారేయకండి. ఫలానా చోట, ఫలానా కాలంలో, ఫలానా వయసువారికి అని చెప్పకుండా వాడటమే తప్పు.

ఇంట్లో పెద్దవాళ్ల విషయంలోనూ ఇదే పద్ధతి. తీవ్రమైన జబ్బు ముప్పు డెబ్బై ఏళ్ల అమ్మమ్మకు ఎక్కువ, ఇరవై ఏళ్ల మనవడికి తక్కువ. టీకా ఇద్దరిలో ఒకే నిష్పత్తిలో ముప్పు తగ్గించినా అమ్మమ్మకు దక్కే నిరపేక్ష మేలు చాలా రెట్లు ఎక్కువ. టీకా కొరతగా ఉన్నప్పుడు పెద్దలను ముందు నిలబెట్టడం వెనక ఉన్నది ఈ తీసివేతే.

రెండు టీకాలను పోల్చేటప్పుడు

మన రాష్ట్రంలో ఎక్కువమంది వేయించుకున్నవి కోవిషీల్డ్, కోవాగ్జిన్. కోవాగ్జిన్‌ను హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసింది. దాని మూడో దశ పరీక్ష దేశంలోని 25 ఆసుపత్రులు, క్లినిక్‌లలో జరిగింది, ఫలితాలు 2021 నవంబరులో లాన్సెట్‌లో వచ్చాయి. టీకా వైపు 8,471 మందిలో 24 మంది, ప్లాసిబో వైపు 8,502 మందిలో 106 మంది జబ్బు పడ్డారు. చదవడం ఆపి ఈ లెక్క మీరే చేసి చూడండి.

పదివేలకు టీకా వైపు 28.3, ప్లాసిబో వైపు 124.7 వచ్చి ఉంటుంది. సాపేక్ష తగ్గుదల 77 శాతం చిల్లర, వ్యాసంలో ఇచ్చింది 77.8. ఇప్పుడు తీసివేయండి: పదివేలకు 96. ఫైజర్ మొదటి ఫలితంలో వచ్చింది 84. నిరపేక్ష తగ్గుదలే అసలైన కొలమానం అనేవారి మాట పట్టుకుంటే కోవాగ్జిన్ ఫైజర్ కన్నా మెరుగైన టీకా అని తేల్చాలి. అలా తేల్చలేం. కోవాగ్జిన్ పరీక్ష మన దేశంలో రెండో ఉధృతి సాగుతున్న నెలల మీదుగా నడిచింది, ఫైజర్ పరీక్షలో కన్నా ఇక్కడ ప్లాసిబో వైపు ఎక్కువమంది జబ్బు పడ్డారు. తీసివేతలో పెద్ద సంఖ్య రావడానికి అదే కారణం.

దీనికి రెండో వైపు కూడా న్యాయంగా చూడాలి. 95 కన్నా 77.8 తక్కువ కాబట్టి ఫైజర్ అంత మేర మెరుగని నేరుగా చెప్పడమూ సరికాదు. కోవాగ్జిన్ పరీక్ష కాలానికి డెల్టా రకం వచ్చేసింది, ఫైజర్ మొదటి ఫలితాల నాటికి ఆ పరీక్ష జరిగిన చోట్ల అది వ్యాపించలేదు. కేసుగా దేన్ని లెక్కించాలన్న నియమాలూ వేరు: ఫైజర్ రెండో డోసు తర్వాత ఏడు రోజుల నుంచి లెక్కిస్తే కోవాగ్జిన్ పద్నాలుగు రోజుల నుంచి లెక్కించింది. రెండు టీకాలనూ ఒకే పరీక్షలో, ఒకే జనంలో వేసి చూస్తే తప్ప కచ్చితమైన పోలిక దొరకదు.

దుష్ప్రభావాలను అదే కొలతతో చూడండి

మేలును ఒక కొలతలో, కీడును ఇంకో కొలతలో చూపే సందేశాలను బాగా గమనించండి. టీకాను పొగిడేవారు మేలును 95 శాతం అని సాపేక్షంగా చెప్పి, అరుదైన దుష్ప్రభావాన్ని లక్షల్లో ఒకరికి అని నిరపేక్షంగా చెబుతారు. టీకాను తిట్టేవారు మేలును 0.84 అని నిరపేక్షంగా చెప్పి, దుష్ప్రభావం మూడు రెట్లు పెరిగిందని సాపేక్షంగా చెబుతారు. రెండూ తప్పుదోవ పట్టించేవే. దుష్ప్రభావానికి కూడా అవే నాలుగు సంఖ్యలు అడిగి, పదివేలకో లక్షకో మార్చి, అదే గడువుతో మేలు పక్కన పెట్టండి. అప్పుడే మీ డాక్టరుతో మాట్లాడటానికి పనికొచ్చే లెక్క మీ చేతిలో ఉంటుంది.

జబ్బు అంటే ఏమిటో, కేసులు ఎన్నో చూడండి

ఫైజర్ పరీక్షలో కేసు అంటే లక్షణాలు కనిపించి, పరీక్షలో పాజిటివ్ వచ్చినవారు. లక్షణాలు లేకుండా సోకినవారు ఈ లెక్కలో లేరు. కాబట్టి 95 శాతం అనేది సోకడం గురించి గానీ, ఇతరులకు అంటించడం గురించి గానీ, మరణం గురించి గానీ చెప్పిన మాట కాదు. ఒక్కోదానికి వేరే సంఖ్యలు వెతకాలి.

అలా వెతికినప్పుడు కేసులు ఎన్ని ఉన్నాయో కూడా చూడండి. 95 పక్కన వ్యాసంలో 90.3 నుంచి 97.6 అని ఒక హద్దు ఉంటుంది. టీకా వైపు కేసులు ఎనిమిదే. కాకతాళీయంగా ఇంకో ఎనిమిది పెరిగి పదహారు అయి ఉంటే సమర్థత 90కి దిగేది. ఆ అనిశ్చితినే ఆ హద్దు చూపుతుంది. కోవాగ్జిన్ పరీక్షలో తీవ్రమైన జబ్బు ప్లాసిబో వైపు 15 మందికి, టీకా వైపు ఒక్కరికి వచ్చింది. సాపేక్ష తగ్గుదల 93.4 శాతం, వినడానికి ఫైజర్ సంఖ్యకు దగ్గరగానే ఉంది. హద్దు మాత్రం 57 నుంచి 99.8 దాకా విస్తరించింది, ఎందుకంటే మొత్తం కేసులు పదహారే. ఇలాంటి చోట 93 అన్న సంఖ్యను గట్టిగా పట్టుకోకుండా, తీవ్రమైన జబ్బును సగానికి పైగా తగ్గించిందని, బహుశా అంతకన్నా చాలా ఎక్కువే తగ్గించిందని మీ కాగితం మీద రాసుకోండి.